అందరూ ‘ఎ’ పెట్టిన ప్రశ్న

ఆ ప్రశ్న నాకిప్పటికీ కంఠతా వచ్చు. నిద్రలో లేపి అడిగినా చెబుతాను.

నయం కాని జబ్బు వల్ల రంజాను నెలలో రోజా (ఉపవాసం) ఉండలేనివారు ఏం చేయాలి? ఎ) ఎంత కష్టమైనా నెలంతా ఉండాలి. బి) రోజా వదిలి, వదిలిన ప్రతి రోజుకూ ఒక పేదవాడికి అన్నం పెట్టాలి. సి) మధ్యాహ్నం దాకా ఉంటే చాలు. డి) ఏమీ చేయనక్కర్లేదు.

జవాబు ‘బి’. ఇందులో నా సొంత కవిత్వం ఏమీ లేదు. ఖురాన్‌లో ఉన్న మాటే. మా మసీదు ఇమాం గారికి తెలుసు, కమిటీ పెద్ద సదర్ గారికి తెలుసు, గోదావరి గట్టున చేపలమ్మే మా మరదలికీ తెలుసు. తెలియవలసిన పిల్లకి మాత్రం తెలియలేదు. నా కడుపు మంట అదే.

ఆ పిల్ల మాకు రెండిళ్లవతల ఉంటుంది. అప్పుడు తొమ్మిదో తరగతి. పదకొండేళ్లప్పుడు సుగరు బయటపడింది, మా వయసు వాళ్లకి వచ్చే మాత్రల సుగరు కాదు, సూది లేకపోతే బతకనివ్వని సుగరు. వాళ్లింట్లో ఫ్రిజ్ లేదు. ఇన్సులిన్ సీసా మా ఫ్రిజ్ తలుపులో, నిమ్మకాయల పక్కన ఉండేది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వచ్చి, సీసాను రెండు అరచేతుల మధ్య మెల్లగా దొర్లించి, సిరంజిలోకి లాక్కుని, పొట్టకి తనే పొడుచుకునేది. నేను మొహం తిప్పుకునేవాణ్ణి. “మీకేం నొప్పి దాదా, పొడుచుకునేది నేనైతే!” అని నవ్వేది. దాదా అంటే తాతనని.

తండ్రి లారీ డ్రైవరు, నెలకోసారి కనిపిస్తాడు. తల్లి ఒక కాలేజీ హాస్టల్లో వంట చేస్తుంది. తెల్లారకుండా వెళ్లి చీకటి పడ్డాక వస్తుంది. ఆమె నన్ను చిచ్చా అంటుంది, బాబాయి అన్నట్టు. రంజాను ఇంకా రెండు నెలలుందనగా ఒకరోజు వచ్చి గుమ్మంలో కూలబడింది.

“చిచ్చా, ఈ ఏడు నెలంతా రోజాలుంటానంటోంది. డాక్టరు గారు వద్దంటే వద్దన్నారు. నేను చెప్తే వినదు. క్లాసులో పిల్లలు దాన్ని రోజాదొంగ అంటున్నారంట.”

“ఎవరా అనేది? పేర్లు చెప్పు, చెవులు మెలేసొస్తాను.”

“ఎంతమందివి మెలేస్తారు? మసీదు క్లాసులో చెప్పిందే దానికి మాట. నా మాట మాట కాదు. క్విజ్ పెడుతున్నారంట కదా. అందులో రాయించండి చిచ్చా. పేపర్లో వస్తే నమ్ముతుంది.”

నాకు కమిటీలో పదవి లేదు. శుక్రవారం తప్ప మసీదు గుమ్మం తొక్కనని పేరు కూడా ఉంది. కానీ ఆదివారం క్లాసులో హైస్కూలు పిల్లలకి కాగితాలన్నీ తెలుగులోనే ఉండాలి, మా పిల్లలకి ఉర్దూ మాట్లాడ్డం వచ్చినా చదవడం రాదు. తెలుగు దిద్దడానికి నన్ను పిలుస్తారు. అయిదో తరగతితో బడి మానేసిన నేను గ్రంథాలయం బల్ల మీద కూర్చుని నేర్చుకున్న తెలుగు అది. పదాలకి నేను కావాలి, మాటకి అక్కర్లేదు. సరే అనుకుని వెళ్లాను.

మసీదు మేడ మీద గదిలో నలుగురం కూర్చున్నాం. ఇమాం గారు, సదర్ గారు, ఆదివారం క్లాసు చెప్పే టీచరమ్మ, నేను. టీచరమ్మ ఒక ప్రైవేటు స్కూల్లో సైన్సు చెబుతుంది. ప్రశ్నాపత్రం కూర్చడం ఆమెకి చేతనైన పని. ఇస్లాం ఐదు మూల స్తంభాల మీద, అంటే కలిమా, నమాజు, జకాతు, రోజా, హజ్ మీద, తలా అయిదు ప్రశ్నలు. ప్రతి ప్రశ్నకీ నాలుగు జవాబులు, ఒకటే ఒప్పు. తప్పు జవాబులు కూడా చూడగానే నవ్వొచ్చేలా ఉండకూడదు, చదవని పిల్ల ఆగి ఆలోచించేలా ఉండాలని ఆమె పట్టు.

మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోయాం. కలిమాను, అంటే విశ్వాసం చెప్పే వాక్యాన్ని, నాలుగు రకాలుగా రాసి, సరైనదేదో గుర్తించమంది టీచరమ్మ. ఇమాం గారు కాగితం వెనక్కి తోసేశారు.

“మూడు తప్పు కలిమాలు అచ్చు వేయించి పిల్లల చేతిలో పెడతామా అమ్మా? అందులో ఒకటి నోటికొచ్చేస్తే ఎవరు జవాబుదారీ?”

అది న్యాయమే. నేనూ ఒప్పుకున్నాను. దాన్ని తీసేసి, ఐదింటిలో మొదటి స్తంభం ఏది అని మార్చాం. అయితే ఆ న్యాయం అక్కడ ఆగలేదు. రోజుకి ఎన్ని పూటల నమాజు ఫర్జు, అంటే తప్పనిసరి, అనే ప్రశ్నకి ఆమె మూడు, నాలుగు, అయిదు, ఆరు అని రాస్తే, ఆరు కొట్టేశారు.

“దేవుడు పెట్టినదానికి తగ్గించి చెప్పడం తెలియనితనం. ఎక్కించి చెప్పడం మతంలో కొత్తది కల్పించడం. మసీదు పేరుతో వచ్చే కాగితంలో ఎక్కువ రాయకండి.”

అలా రెండు, మూడు, నాలుగు, అయిదు అయింది. జకాతు దానం ఆస్తిలో ఎంత శాతం అంటే ఒకటి, ఒకటిన్నర, రెండు, రెండున్నర. రాత్రి చేసే ఇషా నమాజులో ఫర్జు రకాతులు, అంటే వంగి లేచే ఆవృత్తులు, ఒకటి, రెండు, మూడు, నాలుగు. పొద్దు గుంకాక చేసే మగ్రిబ్ నమాజు మీద ప్రశ్న రాస్తే ఒప్పు మూడు, దాని కింద రెండే అంకెలు మిగిలాయి. నాలుగోది దొరక్క ఆ ప్రశ్ననే తీసేశారు. హజ్ ఎవరికి విధి అంటే, ఇష్టమున్నవాళ్లకి, ముసలివాళ్లకి, హాజీల ఇళ్లవాళ్లకి, చివర్న శక్తి ఉన్న ప్రతి ముస్లింకీ జీవితంలో ఒకసారి. ఎవరి బుద్ధీ చెడ్డది కాదు. భక్తితో చేసిన పనే. ఆ భక్తే ఆ కాగితంలో ఒక గొయ్యి తవ్వుతోందని ఆ పూట గదిలో ఎవరం చూడలేదు.

రోజాల దగ్గరికి వచ్చేసరికి నేను నోరు విప్పాను. టీచరమ్మ అప్పటికే ఒక ప్రశ్న రాసి తెచ్చింది. రోజూ ఇన్సులిన్ తీసుకునే పద్నాలుగేళ్ల అమ్మాయిని డాక్టరు ఉపవాసం వద్దన్నారు, ఆమె ఏం చేయాలి అని.

సదర్ గారు కళ్లజోడు తీశారు. ఆయనకి మెయిన్ రోడ్డులో చెప్పుల దుకాణం. మాట మెత్తగానే ఉంటుంది, పని మాత్రం తను అనుకున్నదే అవుతుంది.

“ఇది ఫలానా వాళ్ల పిల్లేనని పేటంతా తెలిసిపోద్ది కదండీ. ఆడపిల్ల. రేపు సంబంధాలు చూడొద్దా?”

“తొమ్మిదో తరగతి పిల్లకి సంబంధాలేంటండీ సదర్ గారూ! ముందు బతకనివ్వండి,” అన్నాను.

“మీరు ప్రతిదానికీ గొడవకొస్తారు. అసలు ఇలాంటివి పెడితే ఏమవుద్దో తెలుసా? తలనొప్పన్నవాడూ మానేస్తాడు, కడుపునొప్పన్నవాడూ మానేస్తాడు.”

ఇమాం గారు మధ్యలో కల్పించుకుని, పిల్ల ఊసు లేకుండా మామూలుగా అడగమన్నారు. అలా పుట్టింది ఆ ప్రశ్న. ‘ఎంత కష్టమైనా ఉండాలి’ అన్న తప్పు జవాబు ఎక్కువ చెప్పినట్టు కాదా అని ఆయన సందేహపడితే, టీచరమ్మే నచ్చజెప్పింది. “జనం అనే మాటే కదండీ హజరత్, అది తప్పని తెలియాలనే కదా.” ఆయన తలూపారు. నేను తెలుగు దిద్దాను. సంతోషంగానే ఇంటికొచ్చాను. పిల్ల తల్లికి కూడా చెప్పాను, పేపర్లో వచ్చేస్తోందమ్మా అని.

క్విజ్ రంజానుకి ముందు ఆదివారం జరిగింది. పిల్లలు వరండాలో చాపల మీద కూర్చుని రాశారు. రాయడం అవగానే కాగితాలన్నీ వెనక్కి తీసుకున్నారు. అది మా మసీదు పద్ధతి. అల్లా పేరున్న కాగితం ఇంటికి పోతే రేపు ఏ బజ్జీల బండి మీదో తేలుతుందని భయం. గోనెసంచిలో కట్టి, వంతెన మీద నించి గోదావరిలో కలుపుతారు. నా చిన్నప్పటి నించీ ఉన్న మర్యాదే, నేను తప్పు పట్టను. కానీ అడిగిన ప్రశ్న కూడా ఇంటికి పోదు కదా! పిల్ల చేతిలో మిగిలేది పెన్నే.

ఆ మధ్యాహ్నం టీచరమ్మ దిద్దిన కాగితాల కట్టతో నా దగ్గరికొచ్చింది. తెలుగు దిద్దుతానని నన్ను మాస్టారంటుంది.

“మాస్టారూ, ఆ రోజా ప్రశ్నకి దాదాపు అందరూ ‘ఎ’ పెట్టారండి.”

“చదవని మొద్దులేమో.”

“కాదండీ, మిగతావన్నీ కరెక్టే. పిల్లలు రూలు కనిపెట్టేశారు. ప్రతి ప్రశ్నకీ అన్నింటికన్నా ఎక్కువున్నది, కష్టమైంది ఏదో అదే జవాబు. మనమే అలా చేశాం, ఎక్కువది రాయనివ్వలేదు కదా. ఈ ఒక్కదానికి కష్టమైంది తప్పయింది. అక్కడ పడిపోయారు.”

“మన పిల్లో?”

“తనూ ‘ఎ’ నే. అదొక్కటే పోయింది. లేకపోతే ఫస్టు.”

జబ్బు పిల్లకి సెలవుందని చెప్పడానికి పెట్టిన కాగితం, ఎంత కష్టమైతే అంత నిజమని నేర్పి పంపింది. “జవాబులు అన్నీ చదివి వినిపించాలండీ, సభలో. అదొక్కటే దారి,” అందామె. వెళ్దాం పదమన్నాను.

సభ ఆ సాయంత్రమే. మసీదు పక్క ఖాళీ స్థలంలో షామియానా, సదర్ గారి బొమ్మ పెద్దగా, కాబా బొమ్మ చిన్నగా ఉన్న ఫ్లెక్సీ. ముందు వరసలో పెద్దమనుషులు, వెనక బిర్యానీ డేగిసాలు. మార్కులు చదివారు, షీల్డులిచ్చారు, ఫొటోలు తీశారు. మా పిల్లకి రెండోది వచ్చింది. మైకు దగ్గర షీల్డు పట్టుకునే అడిగింది, “ఏది తప్పు పోయింది సార్?” అని.

“సెకండ్ వచ్చావు కదమ్మా, చాల్లే,” అన్నారు సదర్ గారు. అందరూ నవ్వారు.

టీచరమ్మ కాగితంతో లేచింది. “ఒక్క అయిదు నిమిషాలండీ, జవాబులు చదివేస్తాను.”

“అమ్మా, గెస్టులు వెళ్లాలి. భోజనాలు చల్లారిపోతున్నాయి. వచ్చే వారం క్లాసులో చెప్పుకోండి.”

వచ్చే వారానికి రంజాను మొదలైపోతుంది, ఆ నెల క్లాసులే ఉండవు. అది ఆయనకీ తెలుసు. నేను లేచాను. “సదర్ గారూ, బిర్యానీ చల్లారితే మళ్లీ వేడెక్కుద్ది. ఆ ఒక్క ప్రశ్నకి జవాబు చెప్పి కూర్చోండి,” అని గట్టిగానే అన్నాను. ఆయన మైకు చేత్తో మూసి నా దగ్గరికి వంగారు. “అది మైకులో చెప్తే రేపు సగంమంది పిల్లలు రోజా ఎగ్గొడతారు. నాకు పేట ముఖ్యం. కూర్చోండి.” ఇద్దరు కుర్రాళ్లు వచ్చి చెరో భుజం మీదా మర్యాదగా చేతులేశారు. మర్యాదగానే, కాదనను. ఇమాం గారి వైపు చూశాను. ఆయన జీతం కమిటీ ఇస్తుంది. ఆయన తస్బీ పూసలు చూసుకున్నారు.

రాత్రి దాకా ఆగలేక ఆ పిల్లని దారిలోనే ఆపాను. “నీకు పోయింది రోజా ప్రశ్నే. జవాబు ‘బి’. నీలాంటి వాళ్లు ఉండక్కర్లేదు.”

అది నన్ను జాలిగా చూసింది. “మీరే ఉండరు కదా దాదా. మీరలాగే చెప్తారు.”

“టీచరమ్మనడుగు.”

“పోయింది జకాతుదయ్యుంటుంది. వెండి లెక్కలో నాకు డౌటుంది. రోజాది కాదు, అది చాలా ఈజీ.”

టీచరమ్మ కూడా వాళ్లింటికి వెళ్లి చెప్పింది. విన్నట్టు తలూపిందట. అమ్మ పంపితేనే వచ్చారని తర్వాత ఫ్రెండుతో అందట. తల్లి ఒట్టు వేయించుకుంది, రోజా ఉండనని. అది ఒట్టు వేసింది. మొదటి రోజా నాడు వచ్చి, ఇన్సులిన్ సీసా తీసుకెళ్లిపోయింది. “ఇక మట్టికుండలో నీళ్లు పోసి పెట్టుకుంటాం దాదా, అలా కూడా ఉంచొచ్చన్నారు హాస్పిటల్లో. అమ్మ సహరికి తెల్లారకముందే వండేస్తుంది, ఆ వేళకి సూది కోసం మిమ్మల్నెందుకు లేపడం.” తల్లి మధ్యాహ్నానికి బాక్సు కట్టి పంపుతోందని, పిల్ల మాట మీద నిలబడిందని నాతో అంది. ఖాళీ బాక్సు రోజూ తిరిగొస్తోంది మరి.

నా చిన్నతనం గుర్తొస్తుంది నాకు, అలాంటప్పుడు. పెద్ద వరద వచ్చిన ఏడు, లంకల్లోంచి వచ్చిన జనమంతా మా మసీదు ఆవరణలోనే ఉన్నారు. రంజాను. జ్వరాలు. అప్పటి మౌల్వీ గారు ముసలాయన, ఆయనకీ జ్వరమే. ఎవరూ గంజి ముట్టడం లేదు, ఒకర్ని చూసి ఒకరు. ఆయన మిట్టమధ్యాహ్నం ఆవరణ మధ్యకి వచ్చి, అందరూ చూస్తుండగా చెంబెత్తి నీళ్లు తాగాడు. మూతి తుడుచుకుని, “జబ్బు నాది, సెలవు దేవుడిది, సిగ్గు ఎవరిదిరా?” అన్నాడు. అప్పుడు తాగారు గంజి. ఆయన ఏ క్విజ్జూ పెట్టలేదు, ఫ్లెక్సీ కట్టలేదు.

రెండో వారంలో ఒక మధ్యాహ్నం వాళ్ల స్కూలు నించి పిల్లని ఆటోలో తెచ్చి మా అరుగు మీద దింపారు. తల్లి ఫోను ఎత్తలేదట, పిల్లే నా నంబరిచ్చిందట. అప్పటికే వాంతులు. ఆయాసపడుతూ లోతుగా ఊపిరి లాగుతోంది, నోట్లోంచి మాగిపోయిన పండు వాసన. మూడేళ్ల క్రితం జబ్బు బయటపడినప్పుడు వచ్చిన వాసనే. అదే ఆటోలో రాజమండ్రి పెద్దాసుపత్రికి తీసుకెళ్లాను. వంతెన మీద ట్రాఫిక్‌లో నా ఒళ్లో తల పెట్టుకుని, “నీళ్లు వద్దు దాదా, ఇంకా మగ్రిబ్ కాలేదు” అంది. ఆ మాట నేను చచ్చేదాకా మర్చిపోను. క్విజ్ కాగితాల సంచి విసిరిన వంతెనే అది.

డాక్టరమ్మ ముందు అడిగింది, ఇన్సులిన్ ఎప్పటి నించి మానేసిందని. పొద్దుటి సూది మొదటి రోజా నించే లేదు. సూది పొడిస్తే రోజా పోతుందని ఎవరో పిల్లలు చెప్పారట. తిననప్పుడు సూదెందుకని తన లెక్క కూడా ఒకటి. డాక్టరమ్మ నన్ను చూసి అరిచింది, “ఇంట్లో పెద్దవాళ్లు ఏం చేస్తున్నారండీ?” అని. పేటలో ఉన్న పెద్దవాళ్ల గురించి ఆమెకేం చెప్పను?

పిల్ల బతికింది. కొన్నాళ్లు ఐసీయూలో, మిషన్ల మధ్య. మూత్రపిండాలు దెబ్బతిన్నాయి, రక్తం శుద్ధి చేసే మిషను మీద పెట్టారు. పూర్తిగా ఎప్పటికి కోలుకుంటాయో, అసలు కోలుకుంటాయో లేదో చెప్పలేమన్నారు. తొమ్మిదో తరగతి పరీక్షలు పోయాయి. బడి పోయింది, ఇప్పటికీ వెళ్లడం లేదు.

వార్డులోకి మార్చాక టీచరమ్మా నేనూ వెళ్లాం. టీచరమ్మ మెల్లగా అడిగింది, రోజూ కట్టిన బాక్సు ఏం చేసేదానివని.

“బస్టాపులో ముసలమ్మ ఒకామె ఉంటుంది మేడమ్. ఆమెకి పెట్టేసేదాన్ని. పారేస్తే పాపం కదా.”

టీచరమ్మ లేచి కిటికీ దగ్గరికి వెళ్లిపోయింది. నాకు అర్థమవడానికి కాస్త సేపు పట్టింది. వదిలిన రోజాకి ఒక పేదవాడికి అన్నం. ఆ పిల్ల ‘బి’ కూడా చేసింది, ‘ఎ’ కూడా చేసింది. రోజూ సరైన జవాబు తన చేత్తోనే బస్టాపులో పెట్టి, ఆకలి తనే మోసుకుంటూ బడికెళ్లింది.

“ఆ పోయింది... రోజాదేనా మేడమ్?” అంది మంచం మీంచి.

“అదే తల్లీ.”

“అయితే ‘బి’ పెట్టుంటే నాకు ఫస్టొచ్చేది,” అని గోడ వైపు తిరిగింది.

పండగయ్యాక కమిటీ దగ్గరికి వెళ్లాను. ఆ ప్రశ్న పేపరు మొదట్లో పెట్టండి, జవాబులు మైకులో చదవండి, పెద్ద అంకెలూ చిన్న అంకెలూ కలిపి పెట్టండి, ఒప్పు ప్రతిసారీ అన్నింటికన్నా బరువైనదే కానక్కర్లేదు అని చెప్పాను. సదర్ గారు ఆసుపత్రికి పళ్లు పంపించారు, ఫొటో కూడా వచ్చింది. నాకు మాత్రం టీ తెప్పించి, చల్లగా చెప్పారు.

“ఆ ప్రశ్న వల్లే కదండీ ఇంత రభస. తీసేశాం. వచ్చే ఏడు పేపర్లో రోజాలవి నాలుగే.”

కప్పు ముట్టకుండా వచ్చేశాను. టీచరమ్మ ఆదివారం క్లాసు మానేసింది. ఇమాం గారు ఒక శుక్రవారం ప్రసంగంలో రోగికి సెలవు గురించి చెప్పారు, పావుగంట, పిల్లలకి అందని పుస్తకాల ఉర్దూలో. పిల్లలు కాలి వేళ్లు లెక్కపెట్టుకున్నారు.

ఈ ఏడు మళ్లీ రంజాను వచ్చింది. ఆ పిల్ల రోజా ఉండటం లేదు. మధ్యాహ్నం మా ఇంటికొచ్చి తింటుంది, ఉప్పు లేని కూర, కొలిచిన అన్నం. వంటింటి తలుపు వేసుకుని, కిటికీ తెర లాగి, వెలుగు రాకుండా చూసుకుని తింటుంది. వీధిలో పిల్లల గొంతు వినిపిస్తే కంచం పీట కిందికి తోస్తుంది. నిన్న కిటికీ తెర నేను తీశాను. అది లేచి మళ్లీ లాగింది.

“నీ తప్పేం లేదే,” అన్నాను.

“తెలుసు దాదా. జవాబు ‘బి’. కానీ చూసేవాళ్లు ‘ఎ’ పెట్టినవాళ్లే కదా.”

నేను నా కంచం పట్టుకుని వీధి అరుగు మీదికి వచ్చి కూర్చున్నాను. నాకూ మాత్రల సుగరుంది, వయసుంది. ఇన్నాళ్లూ నేనూ వంటింట్లోనే తినేవాణ్ణి, మర్యాద కోసం. మధ్యాహ్నం జుహర్ నమాజు నించి వస్తున్నవాళ్లు చూసి మొహాలు తిప్పుకున్నారు. ముసలాడికి సిగ్గు పోయిందని ఎవరో అన్నారు. సదర్ గారు స్కూటరు ఆపి, “ఏంటండీ ఇది?” అన్నారు.

“అన్నమండీ,” అన్నాను.

ఆయన వెళ్లిపోయాక లోపలికి చూశాను. వంటింటి తలుపు వేసే ఉంది.